లాభం నాలుగున్నర కోట్లు, జీతాలకు దుడ్లు లేవు: ఒక డ్రిప్ పైపుల యూనిట్ లెక్క

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. డ్రిప్ పైపులు తయారుచేసే ఒక లిస్టెడ్ కంపెనీ షేర్లు కొందామనుకుంటున్నా. మూడేళ్లుగా లాభం పెరుగుతా ఉంది, షేరు ధర ఒక్కో షేరుకు వచ్చే లాభానికి 9 రెట్లే, అంటే పీఈ 9 మాత్రమే. కానీ ఫ్రీ క్యాష్ ఫ్లో మైనస్‌లో ఉంది, జోలికి పోవద్దని ఫ్రెండ్ అంటున్నాడు. ఆడిటర్ సంతకం పెట్టిన లాభం కంటే దాన్నే ఎందుకు ఎక్కువ నమ్మాలి?

జవాబు:

నీ ఫ్రెండ్ మాటలో సగం నిజం ఉంది తమ్ముడూ. మిగతా సగం ఆ మైనస్ ఎందుకు వచ్చిందన్న దాని మీద ఉంటుంది. నువ్వు అడిగింది సరిగ్గా నేను పనిచేసిన వ్యాపారం గురించే. అనంతపురం దగ్గర ఒక చిన్న డ్రిప్ పైపుల యూనిట్లో 14 ఏళ్లు అకౌంట్స్ చూశాను. దాని పేరు చెప్పను. కింద ఇచ్చే అంకెలు కూడా లెక్క తేలిగ్గా అర్థం కావాలని గుండ్రంగా మార్చినవే. జరిగింది మాత్రం అదే.

ముందు చీనీ తోట సంగతి. నువ్వు అనంతపురం వాడివి కాబట్టి విడమరచి చెప్పనక్కర్లేదు. కాయ తూకం వేశారు, సూటు పేరుతో తూకంలో కొంత తీసేశారు, వ్యాపారి చీటీ మీద మొత్తం రాసిచ్చాడు. దుడ్లు మాత్రం మూడు వారాల తర్వాత అన్నాడు. ఆ రోజు మీ నాయనకు ఆదాయం వచ్చినట్టా, రానట్టా? అకౌంటెంటును అడిగితే వచ్చినట్టే అంటాడు. సరుకు చేతులు మారింది, ధర ఖరారైంది, కాబట్టి అమ్మకం అయిపోయింది. కోత కూలీలను అడిగితే రాలేదనే చెబుతారు, సాయంత్రం వాళ్లకు చీటీ చూపిస్తే కుదరదు కదా. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఆడిటర్ సంతకం పెట్టేది మొదటి లెక్క మీద. ఫ్రీ క్యాష్ ఫ్లో చెప్పేది రెండోది.

డ్రిప్ వ్యాపారంలో ఆ మూడు వారాలు ఏడాది కావచ్చు, ఏడాదిన్నర కావచ్చు. మన రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం 2003లో మొదలైంది. చిన్న రైతుకు 90 శాతం దాకా రాయితీ ఇచ్చిన ఏళ్లు చాలా ఉన్నాయి. రైతుకు అది వరమే. కంపెనీ వైపు నుంచి చూస్తే, లక్ష రూపాయల సరుకు పొలంలో దిగేనాటికి చేతికి వచ్చింది రైతు వాటా పది వేలు. మిగిలిన తొంభై వేలు సర్కారు నుంచి రావాలి. పైపులు పరిచి, ట్రయల్ రన్ చేసి, ఫోటోలు తీసి, తనిఖీ అయ్యాక బిల్లు పైకి పోతుంది. అక్కడ కేంద్రం వాటా, రాష్ట్రం వాటా అని రెండు చేతులు ఉంటాయి. ఏ ఒక్కటి ఆలస్యమైనా బిల్లు ఆగుతుంది. పైపులకు వాడే ప్లాస్టిక్ గుళికలు అమ్మేవాడు మాత్రం తన దుడ్ల కోసం ఇదంతా ముగిసేదాకా ఆగడు.

మా యూనిట్లో ఒక మంచి ఏడాది. అంతకు ముందు ఏడాది 45 కోట్లున్న అమ్మకాలు 60 కోట్లకు పోయాయి. వడ్డీ 2 కోట్లు, తరుగుదల 1.5 కోట్లు తీసేశాక పన్నుకు ముందు లాభం 6 కోట్లు. పన్ను 1.5 కోట్లు పోగా నికర లాభం 4.5 కోట్లు. బ్యాలెన్స్ షీటు రెడీ అయిన రోజు ఆఫీసులో స్వీట్లు పంచారు. అదే వారంలో జీతాలు ఐదు రోజులు లేటయ్యాయి. మా ఓనరు నన్ను పిలిచి, "లాభం నాలుగున్నర కోట్లంటావు, జీతాలకు దుడ్లు లేవంటావు. ఇందులో ఏది అబద్ధమప్పా?" అన్నాడు.

రెండూ నిజమే. ఆయనకు ఒక తెల్లకాగితం మీద వేసి చూపించిన లెక్కే నీకూ చెబుతా. నికర లాభం 4.5 నుంచి మొదలుపెట్టు. తరుగుదల 1.5 పుస్తకంలో ఖర్చుగా రాశామే కానీ ఆ ఏడాది ఎవరికీ ఇవ్వలేదు, కాబట్టి తిరిగి కలుపు. 6 అయింది. ఇప్పుడు రావలసిన బాకీలు చూడు. ఏడాది మొదట్లో 18 కోట్లు, చివర్లో 33 కోట్లు. పెరిగిన ఆ 15 కోట్లు అమ్మకంగా లెక్కలో ఉన్నాయి, బ్యాంకులో లేవు. తీసెయ్. గోడౌన్లో సరుకు 7 నుంచి 9 కోట్లకు పెరిగింది, అంటే ఇంకో 2 కోట్లు పైపుల రూపంలో పడి ఉన్నాయి. అదీ తీసెయ్. గుళికల సప్లయర్లకు మనం ఇవ్వాల్సింది 8 నుంచి 14 కోట్లకు పెరిగింది. మనం కొన్నాం, ఇంకా చెల్లించలేదు, కాబట్టి ఆ 6 కోట్లు ప్రస్తుతానికి మన దగ్గరే ఉన్నట్టు. కలుపు. మొత్తం మైనస్ 5 కోట్లు తేలుతుంది.

కానీ కంపెనీల క్యాష్ ఫ్లో స్టేట్‌మెంటులో ఈ మైనస్ 5 కనిపించదు, మైనస్ 3 కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. మన అకౌంటింగ్ ప్రమాణాల ప్రకారం, బ్యాంకుల్లాంటి ఫైనాన్స్ సంస్థలు కాని కంపెనీలు కట్టిన వడ్డీని వ్యాపారం విభాగంలో చూపించవు. కిందకు దించి, అప్పులు తెచ్చిన, తీర్చిన విభాగంలో చూపిస్తాయి. అందుకని పైన 2 కోట్ల వడ్డీ తిరిగి కలుస్తుంది. స్టేట్‌మెంటులో `Net cash from operating activities` అనే వరుస చూసి సంతోషపడితే, అది వడ్డీ ఇంకా కట్టని అంకె అని గుర్తుపెట్టుకోవాలి. అప్పు లేని కంపెనీకి దీంతో తేడా ఏమీ ఉండదు. డ్రిప్ కంపెనీకి చాలా ఉంటుంది.

ఆ మైనస్ 3 నుంచి యంత్రాలకు, షెడ్డుకు పెట్టిన ఖర్చు తీసెయ్యాలి. ఆ ఏడాది పైపులు తీసే కొత్త ఎక్స్‌ట్రూజన్ లైను వేశాం, 4 కోట్లు. మైనస్ 7 అయింది. ఫ్రీ క్యాష్ ఫ్లో అని వెబ్‌సైట్లు చూపించేది ఈ అంకెనే. కింద Capex అన్నది ఆ యంత్రాల, షెడ్డు ఖర్చే.

```
FCF = Net cash from operating activities - Capex
```

నేనైతే దీని నుంచి వడ్డీ 2 కోట్లు కూడా తీస్తాను. షేరు కొనేవాడి వంతు వచ్చేది బ్యాంకుకు కట్టాకే కదా. అంటే మైనస్ 9 కోట్లు. నాలుగున్నర కోట్లు లాభం వచ్చిన ఏడాదిలో తొమ్మిది కోట్లు బయటినుంచి తేవాల్సి వచ్చింది. తెచ్చింది క్యాష్ క్రెడిట్ నుంచే, అంటే ఒక లిమిట్ దాకా కావలసినప్పుడు తీసుకునే బ్యాంకు అప్పు. లిమిట్ పెంచమని ఫైలు పెట్టాం, లాభం పెరిగింది కాబట్టి పెంచారు. మార్చి 15న కట్టాల్సిన అడ్వాన్స్ ట్యాక్స్ ఆఖరి వాయిదాకు కూడా అందులోనే డ్రా చేశాం. ఇంకా చేతికి రాని లాభం మీద, అప్పు తెచ్చి పన్ను కట్టామన్నమాట. మా ఓనరు ఈ ముక్క విన్నాక చాలాసేపు మాట్లాడలేదు.

ఇక నీ అసలు ప్రశ్న, దీన్నే ఎందుకు ఎక్కువ నమ్ముతారని. లాభం అబద్ధం అని కాదు. లాభం అంకె లోపల మనుషుల అంచనాలు కూర్చుని ఉంటాయి. మా యూనిట్లో అవి మూడు. మొదటిది, అమ్మకం ఎప్పుడు అయినట్టు అన్నది. మార్చి నెలాఖరున వంద పొలాల్లో పైపులు పరిచాం, తనిఖీ ఏప్రిల్లో ఉంది. అమ్మకం ఏ ఏడాదిది? పైపు రైతు పొలంలో ఉంది కాబట్టి మార్చిదే అని మా వాదన. ఆడిటర్ ఒప్పుకున్నాడు. కాగితాలు అలాగే ఉన్నాయి మరి.

రెండోది, రాని బాకీ. ఏడాదిన్నర పాతబడిన బిల్లులు కొన్ని ఉండేవి. వాటిలో కొంత రాకపోవచ్చని లాభంలోంచి పక్కకు తీసి ఉంచాలి. మేము తియ్యలేదు. "సర్కారు బాకీ యాడికి పోతుంది" అన్నదే సమాధానం. ఎక్కడికీ పోదు, ఒప్పుకుంటా. కానీ ఎప్పుడొస్తుంది? తొంభై లక్షలు రెండేళ్లు ఆగితే, 12 శాతం వడ్డీకి దాదాపు 22 లక్షలు మనమే బ్యాంకుకు కట్టి ఉంటాం. ఆ అమ్మకం మీద మనకున్న మార్జినే 10 శాతం. లాభం అని రాసుకున్న బిల్లు నిజానికి నష్టం తెచ్చింది. లాభనష్టాల ఖాతాలో ఇది ఏ ఒక్క చోటా కనిపించదు. అమ్మకం ఒక ఏడాదిలో, వడ్డీ తర్వాతి రెండేళ్లలో చెదిరిపోయి ఉంటుంది.

మూడోది తరుగుదల. కంపెనీల చట్టం షెడ్యూల్ 2లో మామూలు యంత్రాలకు 15 ఏళ్ల ఆయుష్షు ఉంది. పుస్తకంలో మేమూ అదే వేశాం. రోజూ తిరిగే ఎక్స్‌ట్రూడర్లో స్క్రూ, బ్యారెల్ అంతకాలం ఉండవు. మార్చినప్పుడు కట్టేది ఈనాటి ధర, పుస్తకంలో తరిగేది పదేళ్ల కిందటి ధర. తరుగుదల తక్కువ పడితే లాభం ఎక్కువ కనిపిస్తుంది.

ఫ్రీ క్యాష్ ఫ్లోలో ఈ మూడు అంచనాలకూ చోటు లేదు. పైసలు వస్తే వచ్చినట్టు, కొత్త బ్యారెల్ కొంటే పైసలు పోయినట్టు. ఇంకో సంగతి కూడా ఉంది. కొందరు మామూలు ఖర్చును ఆస్తిగా రాసి లాభం పెంచుకుంటారు, రిపేరును కొత్త యంత్రంలో కలిపేయడం లాంటివి. అలా చేస్తే ఆ డబ్బు వ్యాపారం విభాగంలోంచి తప్పించుకుని పెట్టుబడి విభాగంలోకి పోతుంది, వ్యాపారం నుంచి వచ్చిన క్యాష్ కూడా బాగా కనిపిస్తుంది. యంత్రాల ఖర్చు కూడా తీసేసి చూస్తేనే అది బయటపడుతుంది. అందుకే ఒట్టి ఆపరేటింగ్ క్యాష్ దగ్గర ఆగకూడదు.

సరే, ఇంతటితో నీ ఫ్రెండ్ గెలిచాడని అనుకోవద్దు. ఆ తర్వాతి ఏడాది ఏమైందో విను.

కొత్త మంజూరులు మందగించాయి. అమ్మకాలు 60 నుంచి మళ్లీ 45 కోట్లకు పడ్డాయి, నికర లాభం 2.5 కోట్లకు దిగింది. ఆఫీసులో అందరి మొహాలూ వాడిపోయాయి. కానీ అదే ఏడాది పాత బకాయిలు ఒక్కసారిగా విడుదలయ్యాయి. రావలసినవి 33 నుంచి 22 కోట్లకు తగ్గాయి. లాభం 2.5, తరుగుదల 1.8, తిరిగొచ్చిన బాకీలు 11, కలిపితే 15.3. అందులోంచి సప్లయర్ల పాత బాకీ 5 కోట్లు తీర్చాం. యంత్రాల మీద 30 లక్షలు మాత్రమే పెట్టాం. సరుకు నిల్వ మారలేదు. పెరిగిన అప్పు మీద 3 కోట్లు కట్టిన వడ్డీ లాభంలోనే ముందే తీసేసి ఉంది. అన్నీ పోగా ప్లస్ 10 కోట్లు మిగిలింది.

చూశావా, వ్యాపారం పెరిగిన ఏడాది మైనస్ 9, వ్యాపారం తగ్గిన ఏడాది ప్లస్ 10. ఈ రెండో ఏడాది అంకె ఒక్కటే చూసి ఎవడైనా "భలే క్యాష్ వస్తోంది" అని కొని ఉంటే, తగ్గిపోతున్న వ్యాపారాన్ని కొన్నట్టు. ఫ్రీ క్యాష్ ఫ్లోను ఒక్క ఏడాదికి చూడడమంటే, వానలు బాగా పడిన ఒక్క ఏడాది చూసి మన జిల్లా వర్షపాతం ఇంతేనని రాయడమే. రెండేళ్లు కలిపి చూడు. లాభం 4.5, 2.5, మొత్తం 7 కోట్లు. చేతికి వచ్చింది మైనస్ 9, ప్లస్ 10, అంటే ఒక కోటి. నేను నమ్మేది ఈ పోలికనే. ఐదేళ్లో ఏడేళ్లో కలిపిన లాభం ఒక పక్క, అన్ని ఏళ్ల ఫ్రీ క్యాష్ ఇంకో పక్క పెట్టు. మొత్తానికి దగ్గర దగ్గరగా ఉంటే మధ్యలో ఒకటి రెండేళ్లు మైనస్ వచ్చినా నాకు టెన్షన్ లేదు. ఏడుకు ఒకటిలా ఉంటే, ఆ లాభంలో ఎక్కువ భాగం బాకీల రూపంలో చిక్కుకుని ఉన్నట్టు.

మైనస్‌కు కారణం ఏంటన్నది కూడా చూడాలి. మా మొదటి ఏడాది మైనస్‌లో 4 కోట్లు కొత్త లైనుది. ఆర్డర్లు ఉండి, ఆ లైను నిండుగా తిరుగుతుంటే అది చెడ్డ ఖర్చు కాదు, ఏ పెరిగే కంపెనీ అయినా పెడుతుంది. 15 కోట్ల బాకీలు మాత్రం వేరు కథ. అమ్మకాలు మూడో వంతు పెరిగితే బాకీలు కూడా అంతే పెరిగి 24 కోట్ల దగ్గర ఆగాలి. 33 కు పోయాయి. రోజుల్లో చెప్పాలంటే, అంతకు ముందు ఏడాది 146 రోజుల అమ్మకాలు బాకీగా ఉండేవి, ఇప్పుడు 201 రోజులవి. ఆ తేడా 9 కోట్లు అమ్మకాలు పెరిగినందుకు పడిన మైనస్ కాదు, వసూలు కుంటుపడినందుకు పడింది. ఆ 6 కోట్ల సప్లయర్ల బాకీ కూడా మా గొప్ప కాదు. వాళ్లకు లేటు చేశాం కాబట్టి మైనస్ కొంచెం చిన్నదిగా కనిపించింది. మూడు నెలల తర్వాత వాళ్లలో ఒకరు ముందు డబ్బు కడితేనే లోడు పంపుతామన్నారు.

క్యాష్‌ను కూడా తిప్పవచ్చు. మార్చి 31న చెక్కులు ఆపి ఏప్రిల్ 2న ఇవ్వడం అందరికీ తెలిసిన పాత పని. బిల్లులను ఫైనాన్స్ కంపెనీకి డిస్కౌంటుకు అమ్మేస్తే, బాకీ వసూలైనట్టే ఆపరేటింగ్ క్యాష్ పెరుగుతుంది, అసలు జరిగింది అప్పులాంటిదే అయినా. ఇక మొత్తంగా కాగితాలే అబద్ధమైతే ఏ లెక్కా కాపాడదు. సత్యం కంప్యూటర్స్ మన తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న రామలింగరాజు రాసిన లేఖలో లేని క్యాష్, బ్యాంకు నిల్వలు 5,040 కోట్లని ఉంది. బాకీలు 490 కోట్లు ఎక్కువ చూపామని కూడా అందులోనే రాశాడు. అంటే అక్కడ దొంగ లెక్క బాకీల్లో కంటే క్యాష్‌లోనే ఎక్కువ. అందుకని క్యాష్ నిల్వ ఎంతుందన్నది నాకు పెద్ద ఓదార్పు కాదు. కంపెనీ నుంచి బయటికి పోయిన డబ్బు చూస్తాను. డివిడెండు ఇచ్చిందా, అప్పు నిజంగా తగ్గిందా. ఫ్రీ క్యాష్ బ్రహ్మాండంగా ఉందంటూనే ఏటా కొత్త అప్పు తెస్తుంటే, ఆ క్యాష్ ఎక్కడుందని అడగాలి.

ఇంకో హద్దు కూడా ఉంది. ఈ లెక్కను బ్యాంకులకు, అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలకు వాడొద్దు. వాళ్ల సరుకే డబ్బు. లోన్లు ఎక్కువ ఇచ్చిన ఏడాది ఆపరేటింగ్ క్యాష్ మైనస్ పడుతుంది, దానికేం అర్థం లేదు.

నీ కంపెనీ సంగతికొద్దాం. యాన్యువల్ రిపోర్టులో ఆ ఒక్క కంపెనీవైన స్టాండలోన్ కాకుండా, అనుబంధ కంపెనీలనూ కలిపిన కన్సాలిడేటెడ్ లెక్కలు తెరువు. `Trade receivables` నోటుకు వెళ్లు. 2021-22 నుంచి బాకీలను వయసు వారీగా చూపించడం తప్పనిసరి. ఆరు నెలల లోపు ఎంత, ఆరు నెలల నుంచి ఏడాది ఎంత, ఏడాది నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడు, మూడేళ్లు దాటినవి ఎంత అని పట్టిక ఉంటుంది. ఏడాది దాటిన వరుసలు మూడు రిపోర్టుల్లో ఎలా కదిలాయో ఒక కాగితం మీద రాసుకో. వాటిలో రాకపోవచ్చని ఎంతకు ప్రొవిజన్ పెట్టారో పక్కనే ఉంటుంది. ఆ తర్వాత క్యాష్ ఫ్లోలో `Purchase of property, plant and equipment` వరుస, కట్టిన వడ్డీ వరుస తీసుకుని పైన చెప్పినట్టు ఐదేళ్లది కూడు. లీజు అద్దెలు ఎక్కువున్న కంపెనీ అయితే 2019-20 నుంచి అవి కూడా వడ్డీలాగే కింది విభాగంలోకి పోయాయి, వాటినీ తీసెయ్. డ్రిప్ కంపెనీలో ఇది చిన్న మొత్తమే ఉంటుంది.

అమ్మకాల్లో రాయితీ పథకం మీద నడిచేది ఎంత, డీలర్లకు నగదు మీద పోయేది ఎంత, ఎగుమతి ఎంత అన్నది డైరెక్టర్ల రిపోర్టులోనో, ఇన్వెస్టర్లకిచ్చే ప్రెజెంటేషన్లోనో దొరుకుతుంది. నగదు మీద అమ్మే భాగం పెరుగుతూ ఉండి, పాత బాకీలు తగ్గుతూ ఉండి, మైనస్ అంతా కొత్త ప్లాంటుదే అయితే, పీఈ 9 దగ్గర నేను కూడా కూర్చుని ఆలోచిస్తాను. ఏడాది దాటిన బాకీలు ఏటేటా లావెక్కుతూ, దానితోపాటే స్వల్పకాలిక అప్పూ పెరుగుతుంటే, ఆ 9 చవక కాదు. పీఈలో కింద ఉన్న లాభంలో సగం ఇంకా ఎవరి ఫైలులోనో ఉంది. ఆ నోటు అంకెలు రాసుకున్నాక ఇక్కడే పెట్టు, చూసి చెబుతా.